ఓజోన్ విరిగే లెక్కలో కంటికందని పరమాణువు

గాజు పాత్రలో ఓజోన్ వాయువు నింపి, వెలుతురు తగలకుండా వేడి చేస్తే అది క్రమంగా ఆక్సిజన్‌గా మారిపోతుంది. కాగితం మీద రాస్తే 2O₃ → 3O₂, అంతే. దీన్ని చూసి, ఓజోన్ ఎంత ఉంటే చర్య అంత వేగంగా జరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ పాత్రలోకి అదనంగా ఆక్సిజన్ పంపితే చర్య మందగిస్తుంది! చర్యలో చివరికి తయారయ్యే పదార్థమే ఆ చర్యకు అడ్డు తగలడమేమిటి? పై సమీకరణంలో దీనికి జవాబు దొరకదు. చర్య ఏయే అంచెల్లో జరుగుతుందో చూడాలి.

మొదటి అంచెలో ఓజోన్ విరిగి ఒక ఆక్సిజన్ అణువు, ఒక విడి ఆక్సిజన్ పరమాణువు వస్తాయి. ఈ అంచె వెనక్కి కూడా నడుస్తుంది. రెండో అంచెలో ఆ విడి పరమాణువు మరో ఓజోన్‌ను ఢీకొంటే రెండు ఆక్సిజన్ అణువులు పుడతాయి.

O₃ ⇌ O₂ + O  (ముందుకు k₁, వెనక్కి k₋₁)
O + O₃ → 2O₂  (k₂)

ఇక్కడ k₁, k₋₁, k₂ రేటు స్థిరాంకాలు. మొదటి అంచెలో శక్తిని ఇచ్చిపుచ్చుకోవడానికి పక్కనున్న మరో అణువు కూడా కావాలి. మొత్తం పీడనం మారదనుకుని దాని పాత్రను k₁, k₋₁లలోనే కలిపేశాను.

ఓజోన్ తగ్గే రేటు రాయాలంటే విడి పరమాణువుల గాఢత [O] తెలియాలి. అవి పుట్టిన మరుక్షణమే దేనితోనో కలిసిపోతాయి కాబట్టి, ఎప్పుడు చూసినా పాత్రలో అత్యల్పంగానే ఉంటాయి. 1913లో జర్మనీలో మాక్స్ బోడెన్‌స్టైన్, ఇంగ్లండ్‌లో డి. ఎల్. చాప్‌మన్ హైడ్రోజన్, క్లోరిన్ చర్యను పరిశీలిస్తూ ఇలాంటి చోట వాడిన ఉపాయమే స్థిర స్థితి ఉజ్జాయింపు: మధ్యలో పుట్టి పోయే పదార్థం ఎంత వేగంగా పుడుతోందో దాదాపు అంతే వేగంగా ఖర్చవుతోందని తీసుకోవడం.

k₁[O₃] = k₋₁[O₂][O] + k₂[O][O₃]

[O] = k₁[O₃] / (k₋₁[O₂] + k₂[O₃])

[O] ఎప్పటికీ మారదని దీనర్థం కాదు. ఓజోన్ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. కాకపోతే ఆ తగ్గుదల, పుట్టుక, ఖర్చుల వేగాలతో పోలిస్తే లెక్కలోకి రానంత చిన్నది.

మొదటి అంచెలో నికరంగా పోయే ఓజోన్, రెండో అంచెలో పోయే ఓజోన్‌తో సమానం. అందుకే మొత్తం రేటు 2k₂[O][O₃]. ఇందులో [O] విలువ పెడితే:

రేటు = 2k₁k₂[O₃]² / (k₋₁[O₂] + k₂[O₃])

ఇంత పెద్ద సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు, ముక్కలుగా చదువుకుంటే చాలు. k₁[O₃] అంటే విడి పరమాణువులు పుట్టే వేగం. k₂[O₃] / (k₋₁[O₂] + k₂[O₃]) అంటే వాటిలో వెనక్కి పోకుండా ముందుకు వెళ్లే వంతు. ముందుకు వెళ్లిన ప్రతి పరమాణువుకూ రెండు ఓజోన్‌లు ఖర్చవుతాయి కాబట్టి 2 వచ్చింది.

ఒక పాత్రలో k₋₁[O₂] విలువ k₂[O₃]కు తొమ్మిది రెట్లు అనుకుందాం. అంటే పుట్టిన పది పరమాణువుల్లో తొమ్మిది తిరిగి ఓజోన్‌గా మారతాయి, ఒక్కటే ముందుకు వెళ్తుంది. ఆక్సిజన్‌ను రెట్టింపు చేస్తే పంతొమ్మిదిలో ఒకటే వెళ్తుంది, రేటు సుమారు సగానికి పడిపోతుంది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అలా కాక ఓజోన్‌ను రెట్టింపు చేస్తే పరమాణువులు రెట్టింపు పుడతాయి, ముందుకు వెళ్లే వంతు పదకొండులో రెండవుతుంది. రేటు సుమారు 3.6 రెట్లవుతుంది. ఆక్సిజన్ మరీ ఎక్కువుంటే ఇది నాలుగు రెట్లకు చేరుతుంది. ఆక్సిజన్ దాదాపు లేని చోటైతే రేటు 2k₁[O₃]కు, అంటే మొదటి క్రమాంకానికి దిగుతుంది.

దీన్ని ప్రయోగంతో సరిచూడడం తేలికే. సూత్రాన్ని తిరగేస్తే [O₃]/రేటు = 1/(2k₁) + (k₋₁/2k₁k₂)·[O₂]/[O₃] అని వస్తుంది. కొలతలను [O₂]/[O₃]కు ఎదురుగా గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి. అది నిలువు అక్షాన్ని తాకే చోటు నుంచి k₁ తెలుస్తుంది. రేఖ వంగితే గాజు గోడల మీద కూడా ఓజోన్ విరుగుతోందేమోనని అనుమానించాలి. పాత్రలో గాజు ముక్కలు వేసి ఉపరితలం పెంచినప్పుడు రేటు కూడా పెరిగితే ఆ అనుమానం నిజమే.

చర్య మొదలైన తొలి క్షణాల్లో, [O] ఇంకా పెరుగుతున్నప్పుడు, ఈ ఉజ్జాయింపు చెల్లదు. మధ్యస్థ పదార్థం నిలకడగా ఉండి కొలవగలిగేంత పోగుపడే చర్యల్లోనూ చెల్లదు. 1957లో బెన్సన్, ఆక్స్‌వర్దీ ఓజోన్ ఉష్ణ విఘటనను ఈ రెండంచెల విధానంతోనే వివరించారు. అయితే సూత్రం కొలతలతో సరిపోయినంత మాత్రాన విధానం రుజువైనట్టు కాదు, ఎందుకంటే వేరే అంచెలు కూడా ఇదే సూత్రాన్ని ఇవ్వవచ్చు.