సూరత్‌లో సోలార్ వాటర్ హీటర్: పత్రికా ప్రకటన తొలి పేరాలో ఏముండాలి?

వార్తా విభాగానికి నిత్యం చేరే పత్రికా ప్రకటనల్లో అధికభాగం తొలి పేరా దగ్గరే పక్కకు వెళ్లిపోతాయి. అందుకు ఉపసంపాదకుల నిర్లక్ష్యమే కారణమని పంపినవారు భావిస్తుంటారు. అప్పుడప్పుడు అది నిజం కూడా. అయితే తొలి పేరా చదివాక కూడా ఎవరు, ఏమి, ఎంతకు, ఎప్పటి నుంచి అమ్ముతున్నారో తెలియని ప్రకటనను వార్తగా మలచడం ఎవరికీ సాధ్యం కాదు. పెద్ద సంస్థలకు ఈ పని చూసే ప్రత్యేక విభాగాలుంటాయి. పదిమంది పనివారితో నడిచే చిన్న సంస్థలో యజమానే రాత్రి కూర్చుని ప్రకటన రాసుకోవాలి.

సూరత్ నగరాన్నే తీసుకుందాం. మరమగ్గాలకు, వజ్రాల సానకు పేరుపొందిన ఈ నగరంలో చిన్న యంత్ర పరిశ్రమలు కూడా విస్తారంగా ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నందున, అక్కడి సంస్థలు గుజరాతీ, హిందీ భాషలతోపాటు తెలుగులోనూ తమ సరుకు గురించి చెప్పుకోవలసిన అవసరం ఉంది. ఉధ్నాలో అటువంటి చిన్న సంస్థ ఒకటి సోలార్ వాటర్ హీటర్ తయారుచేసిందని ఊహించుకుందాం. ఉదాహరణ కోసమే కనుక పేరు పెట్టడం లేదు. ఆ సంస్థ ప్రకటన తొలి పేరా ఇలా ఉందనుకుందాం:

“యావత్ ప్రపంచం వాతావరణ సంక్షోభంతో సతమతమవుతున్న తరుణంలో, హరిత భవిష్యత్తుకై నిరంతరం శ్రమిస్తున్న మా సంస్థ, దేశంలోనే తొలిసారిగా, విద్యుత్తుతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా ఉచితంగా వేడినీటిని అందించే విప్లవాత్మక సోలార్ వాటర్ హీటర్‌ను సగర్వంగా ఆవిష్కరిస్తున్నది. దీనికి ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం సబ్సిడీ సైతం వర్తిస్తుందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.”

ఇందులో తేదీ లేదు, ధర లేదు, ఎన్ని లీటర్ల పరికరమో లేదు. ఆ లోపాలను ఒక ఫోన్ కాల్‌తో సరిదిద్దుకోవచ్చు. చెప్పిన విషయాల్లో ఉన్న చిక్కు అంతకంటే పెద్దది.

ముందుగా “ఆవిష్కరిస్తున్నది” అన్న క్రియను గమనించాలి. తెలుగులో ఆవిష్కరణ అంటే తెర తీసి చూపడం, కొత్తగా కనిపెట్టడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. పుస్తకావిష్కరణ అన్నప్పుడు పొరపాటుకు తావు లేదు. యంత్రం విషయంలో మాత్రం, అందునా రేడియోలో విన్నప్పుడు, ఈ సంస్థే దాన్ని కనిపెట్టిందని శ్రోత అనుకుంటాడు. పక్కనే “దేశంలోనే తొలిసారిగా” అన్న మాట కూడా ఉంటే ఆ అపోహ స్థిరపడిపోతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ సోలార్ వాటర్ హీటర్‌కు పేటెంట్ పొందింది 1891లో. మన దేశంలోనూ వసతిగృహాల మిద్దెల మీద ఈ పరికరాలు దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉన్నాయి. “విపణిలోకి విడుదల చేసింది” అన్నా, ఇంకా తేలికగా “విక్రయాలు ప్రారంభించింది” అన్నా సరిపోయేది.

ఇక రెండో వాక్యంలోని సబ్సిడీ. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇళ్ల పైకప్పుల మీద విద్యుత్తును ఉత్పత్తి చేసే సౌర ఫలకాలకు ఉద్దేశించిన పథకమది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే గరిష్ఠంగా 78,000 రూపాయల సాయం అందుతుంది. నీటిని వేడిచేసే పరికరం విద్యుత్తును ఉత్పత్తి చేయదు, ఎండ వేడిమిని నేరుగా నీటికి చేరుస్తుంది. కనుక దానికి ఈ పథకం వర్తించదు. జనం రెండింటినీ “సోలార్ ప్యానెల్” అనే పిలుస్తారు కాబట్టి రచయిత తెలియకనే పొరబడి ఉండవచ్చు. అయినా ఆ వాక్యం యథాతథంగా ప్రసారమైతే, సబ్సిడీ వస్తుందన్న నమ్మకంతో అప్పు చేసి డబ్బు కట్టే మగ్గం కార్మికుడికి నష్టం కలుగుతుంది. ప్రకటనలో ఏ ప్రభుత్వ పథకం పేరు కనిపించినా, దాన్ని నిర్ధారించుకునే దాకా మా బల్ల మీద ఆ వార్త ముందుకు కదలదు.

“ఏడాది పొడవునా ఉచితంగా” అన్న మాటను పరీక్షించడానికి కొద్దిపాటి లెక్క చాలు. ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తీసుకువెళ్లాలంటే, అంటే 35 డిగ్రీలు పెంచాలంటే, దాదాపు 14,700 కిలోజౌళ్లు అవసరం. కరెంటు మీటరు భాషలో ఇది నాలుగు యూనిట్ల పైచిలుకు. గుజరాత్‌లో నిర్మలంగా ఉన్న రోజున చదరపు మీటరు స్థలంపై పడే ఎండ దాదాపు ఐదు యూనిట్లకు సమానం. అందులో సుమారు సగాన్ని పరికరం నీటికి చేర్చగలదనుకుంటే, రెండు చదరపు మీటర్ల పలక ఐదు యూనిట్ల వేడిని ఇస్తుంది. రాత్రి ట్యాంకులో నష్టపోయేది తీసివేస్తే నాలుగు మిగులుతాయి. అంటే 100 లీటర్లకు రెండు చదరపు మీటర్లు అన్నది సహేతుకమైన మాటే. అదే పలకతో 200 లీటర్లను 60 డిగ్రీలకు వేడిచేస్తామని ఎవరైనా రాస్తే అనుమానించాలి. ఆ వేడికి 200 లీటర్లు 42, 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి.

ఈ లెక్క ఎండ కాసే రోజులదే. సూరత్‌లో వర్షాలు ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురుస్తాయి. మబ్బు పట్టిన వారంలో ట్యాంకులోని విద్యుత్ కాయిల్ వేయక తప్పదు. అంటే “విద్యుత్తుతో నిమిత్తం లేకుండా” అన్నది అప్పుడే చెల్లదు. “హరిత” అన్న విశేషణం కూడా ఇప్పుడు అలవోకగా వాడే మాట కాదు. పర్యావరణానికి మేలు చేస్తుందని చెప్పుకునేవారు అందుకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీ చేసింది.

పొదుపు అంకె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇటువంటి ప్రకటనల్లో “మూడున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది” అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. మన ఊహా పరికరం ధర 25,000 రూపాయలని, యూనిట్ విద్యుత్తుకు ఆరు రూపాయలని అనుకుందాం. రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఏడాదికి 300 రోజులు ఆదా అయితే 1,200 యూనిట్లు, అంటే 7,200 రూపాయలు మిగులుతాయి. మూడున్నరేళ్ల లెక్క అక్కడి నుంచే పుట్టింది. అయితే సూరత్‌లో 300 రోజులు వేడినీళ్లతో స్నానం చేసే ఇళ్లు ఎన్ని? చలి అక్కడ కొద్ది నెలలే. మే నెలలో మిద్దె మీది కుళాయి తిప్పితే వచ్చే నీరే చేయి కాలుస్తుంది. వేడినీటి అవసరం ఏడాదికి 120 రోజులే అనుకుంటే ఆదా అయ్యేది 480 యూనిట్లు, 2,880 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. ఏడాదంతా వేడినీరు వాడే ఆసుపత్రికో వసతిగృహానికో మొదటి లెక్క కొంతవరకు నిజం, నలుగురున్న ఇంటికి రెండోది నిజం. ఎన్ని రోజుల వాడకమో చెప్పకుండా తొలి పేరాలో పొదుపు అంకె పెట్టకపోవడమే మేలు.

మరి ఆ పేరాలో ఏమి మిగలాలి? ఇలా రాసి ఉంటే నేను ప్రకటనను పక్కన పెట్టేవాణ్ణి కాదు:

“సూరత్, నవంబర్ 10: ఉధ్నాలోని ఫలానా సంస్థ, నలుగురైదుగురున్న కుటుంబానికి సరిపడేలా రోజుకు 100 లీటర్ల నీటిని వేడిచేసే సోలార్ వాటర్ హీటర్ విక్రయాలను సోమవారం ప్రారంభించింది. ఎండ బాగా ఉన్న రోజున నీటిని సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసే ఈ పరికరం ధర, బిగింపు ఖర్చుతో కలిపి 25,000 రూపాయలు. మబ్బు రోజుల్లో వాడుకునేందుకు ఇందులో విద్యుత్ కాయిల్ అమర్చారు.”

మూడే వాక్యాలు. వార్తలు చదివేవారు నింపాదిగా చదివినా అర నిమిషం దాటదు. “మా సంస్థ” పోయి “ఫలానా సంస్థ” వచ్చింది కనుక ఉపసంపాదకుడు వాక్యాన్ని తిరగరాయనక్కర లేదు. “ఎండ బాగా ఉన్న రోజున”, “సుమారు” అన్న రెండు మాటలు అంకెకు హద్దు గీశాయి. కాయిల్ సంగతి చెబితే సరుకు విలువ తగ్గుతుందని యజమాని సంకోచించవచ్చు. కొనేవాడు జూలైలో అడగబోయే ప్రశ్నకు నవంబరులోనే జవాబు దొరికిందని మేము అనుకుంటాం.

ఈ పేరాలో వాదానికి తావున్న మాట ఒక్కటే, “నలుగురైదుగురున్న కుటుంబానికి సరిపడేలా”. దాన్నీ లెక్కతో చూడవచ్చు. 60 డిగ్రీల నీటితో ఎవరూ స్నానం చేయరు, చన్నీళ్లు తొరుపుకుంటారు. 100 లీటర్ల వేడినీటిని 25 డిగ్రీల చన్నీటితో కలిపి 40 డిగ్రీలకు తెస్తే దాదాపు 230 లీటర్లవుతాయి. 18 లీటర్ల బక్కెట్లయితే పన్నెండుకు పైమాటే. మనిషికి రెండు బక్కెట్ల చొప్పున ఐదుగురికి సరిపోయి కొంత మిగులుతుంది కూడా. కనుక ఆ మాట నిలుస్తుంది.

తొలి పేరాలో చోటు దక్కనివి రెండో పేరాకు వెళతాయి. పలక వైశాల్యం, సమతల పలక రకమా, గాజు గొట్టాల రకమా అన్న వివరం, పలకకు భారతీయ ప్రమాణం ఐఎస్ 12933 గుర్తింపు ఉంటే లైసెన్సు సంఖ్య అక్కడ రావాలి. పరిమితులనూ అక్కడే చెప్పాలి. పంపు లేకుండా పనిచేసే రకమైతే చన్నీటి ట్యాంకు హీటర్ కంటే ఎత్తున ఉండాలి, అటువంటి ఏర్పాటు లేని ఇంట్లో దిమ్మె కట్టే ఖర్చు అదనం. బోరు నీటిలో ఉప్పుశాతం ఎక్కువైతే సమతల పలకలోని సన్నని రాగి గొట్టాల్లో సున్నపు పొర పేరుకుంటుంది. ఎండ నిండుగా ఉన్నా నీరు మునుపటిలా వేడెక్కకపోవడం దానికి తొలి సూచన. ఏడాదికి ఎన్నిసార్లు శుభ్రం చేయాలో, ఆ ఖర్చు ఎవరిదో సంస్థ రాయాలి.

చివరగా ఒక ఫోన్ నంబరు. నిర్ధారణ కోసం మేము ఫోన్ చేసేది సాధారణంగా సాయంత్రం బులెటిన్‌కు ముందు. ఆ వేళ ఫోన్ తీసేవారికి పలక వైశాల్యం ఎంతో, వారంటీ ట్యాంకుకు కూడా వర్తిస్తుందో లేదో తెలిసి ఉండాలి. “సారు రేపు వస్తారు” అని బదులొస్తే ఆ రోజు బులెటిన్‌లో ఆ వార్త ఉండదు.