సిద్ధాంత గ్రంథం చివర ఏ జాబితా ఉండాలి?

సిద్ధాంత గ్రంథాల చివర కనిపించే పుస్తకాల పట్టికలు రెండు రకాలు. మొదటిది రిఫరెన్సుల జాబితా. సిద్ధాంత గ్రంథంలో ఎక్కడో ఒకచోట ఉదహరించిన రచనలకే అందులో చోటు. రెండోది బిబ్లియోగ్రఫీ. తెలుగు శాఖల్లో దీన్ని ఉపయుక్త గ్రంథసూచి అంటారు. ఉదహరించిన రచనలతో పాటు, విషయం బోధపడడానికి పరిశోధకులు చదివి, రాతలో ఎక్కడా ప్రస్తావించని పుస్తకాలు కూడా ఇందులో చేరతాయి.

గురజాడ 'కన్యాశుల్కం' మీద ఒకరు పరిశోధన చేస్తున్నారనుకుందాం. ఈ నాటకం 1897లో మొదట అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి రాయగా 1909లో రెండో కూర్పు వచ్చింది. రెండు కూర్పుల్లోని సంభాషణలను పోల్చే పరిశోధకులు రెండింటినీ ఉదహరిస్తారు కాబట్టి, రిఫరెన్సుల్లో రెండూ విడివిడిగా ఉండాలి. కన్యాశుల్కం అని ఒక్క పద్దు వేసి ఊరుకుంటే, ఫలానా మాట ఏ కూర్పులోదో చదివేవారు తేల్చుకోలేరు. చేతిలో ఉన్నది రెండో కూర్పుకు ఈమధ్య వచ్చిన పునర్ముద్రణ అయితే, 1909తో పాటు ఆ ముద్రణ సంవత్సరమూ ఇవ్వాలి. ఎందుకంటే పరిశోధకులు ఇచ్చే పేజీ సంఖ్యలు ఆ ప్రతివే.

ఇదే పరిశోధకులు ఆనాటి సంస్కరణోద్యమం తెలుసుకోవడానికి కందుకూరి 'స్వీయచరిత్ర' చదివారు, పాతమాటల అర్థాల కోసం 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేశారు, కానీ రాతలో వాటి ప్రస్తావన రాలేదు. అప్పుడు ఈ రెండూ గ్రంథసూచికే పరిమితం. మూడో అధ్యాయంలో 'స్వీయచరిత్ర' నుంచి ఒక్క వాక్యం ఉదహరించినా అది రిఫరెన్సుల్లోకి రావలసిందే. పుస్తకం ఎంత గొప్పదన్న లెక్క ఇక్కడ ఉండదు. ఆ సిద్ధాంత గ్రంథంలో దాన్ని ఎలా వాడుకున్నారన్నదే చూస్తారు.

ఏది ఎప్పుడు కావాలో శాస్త్రాన్ని బట్టీ, విశ్వవిద్యాలయం నిర్దేశించిన పద్ధతిని బట్టీ ఉంటుంది. మనస్తత్వ శాస్త్రం, విద్యాశాస్త్రం వంటి వాటిలో ఎక్కువగా వాడే ఏపీఏ పద్ధతి రిఫరెన్సుల జాబితానే అడుగుతుంది, ఉదహరించనివాటిని అందులో చేర్చనివ్వదు. వైద్యంలోనూ ఇంజినీరింగులోనూ రిఫరెన్సులకు సాధారణంగా అంకెలు వేసి, అవి రాతలో వచ్చిన వరుసలోనే ఇస్తారు. చదివి వదిలేసిన పుస్తకానికి అంకె ఉండదు కాబట్టి అక్కడ దానికి చోటే లేదు. చరిత్ర, సాహిత్య పరిశోధనల్లో షికాగో పద్ధతి పాదసూచికలతో పాటు చివర గ్రంథసూచి ఇమ్మంటుంది. పరిశోధకులు ఎంత మేర వెతికారో, ఏ మూలాలు చూశారో ఆ రంగాల్లో పరీక్షకులు తెలుసుకోగోరతారు. అందుకే తెలుగు సాహిత్య పరిశోధనల్లో గ్రంథసూచిని మూల గ్రంథాలు, విమర్శ గ్రంథాలు, నిఘంటువులు, పత్రికలు అని విడగొట్టి, ఒక్కో విభాగాన్నీ అకారాది క్రమంలో పేర్చడం మేలు.

రెండూ కావలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రతి అధ్యాయం చివరా పేజీ సంఖ్యలతో రిఫరెన్సులు ఇచ్చే పద్ధతిలో, మొత్తానికి కలిపి చివర ఒక గ్రంథసూచి అవసరమవుతుంది. లేకపోతే ఒక పుస్తకం పూర్తి వివరాల కోసం చదివేవారు అన్ని అధ్యాయాలూ తిరగవలసి వస్తుంది. అధ్యాయాంత సూచికలు లేకుండా రెండు జాబితాలూ గ్రంథం చివరే ఇవ్వాలంటే, ఉదహరించినవి మొదటి జాబితాలోనూ, చదివి ఉదహరించనివి 'సంప్రదించిన గ్రంథాలు' అన్న శీర్షిక కిందా పెట్టడం స్పష్టంగా ఉంటుంది. ఒకే పుస్తకాన్ని రెండుచోట్లా రాస్తే పేజీలు పెరగడం తప్ప ప్రయోజనం లేదు.

తప్పులు ఎక్కువగా దొర్లేది జాబితాకూ రాతకూ పొంతన చూసుకోనప్పుడే. సమర్పించే ముందు ప్రతి ఉదాహరణ నుంచి జాబితాకూ, జాబితాలోని ప్రతి పద్దు నుంచి రాతకూ రెండువైపులా వెతకాలి. రాతలో ఉండి జాబితాలో లేనిది తీవ్రమైన లోపం, ఆధారం ఎక్కడిదో ఎవరూ సరిచూడలేరు. జాబితాలో ఉండి రాతలో లేనిదాన్ని గ్రంథసూచికి మార్చవచ్చు, నిజంగా చదివి ఉంటేనే. తెరిచి చూడని పుస్తకాలతో గ్రంథసూచిని నింపడం మౌఖిక పరీక్షలో ఒక్క ప్రశ్నకే బయటపడుతుంది. మరొకరి పుస్తకంలో ఉటంకించగా చూసిన మాటకు, చదివిన ఆ పుస్తకాన్నే జాబితాలో చూపాలి.

జొటీరో వంటి సాఫ్ట్‌వేర్ వాడేవారు ఒక సంగతి గమనించాలి. వర్డ్‌లో <code>Add/Edit Bibliography</code> నొక్కితే వచ్చే పట్టికలో మామూలుగా ఉదహరించిన రచనలే ఉంటాయి. పేరు ఏదైనా అది రిఫరెన్సుల జాబితానే. ఉదహరించని పుస్తకాలు కావాలంటే అదే మీటను మళ్లీ నొక్కి, తెరుచుకున్న పెట్టెలో వాటిని చేతితో చేర్చుకోవాలి.