కుడి చివరి ఒకటి చూపే దారి

ఫైలును కుదించి చిన్నది చేసే పద్ధతుల్లో అరిథ్మెటిక్ కోడింగ్ ఒకటి. అందులో సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న గీతను అక్షరాలన్నిటికీ పంచుతారు. ఇప్పటిదాకా ఎక్కువసార్లు వచ్చిన అక్షరానికి పెద్ద ముక్క, అరుదుగా వచ్చినదానికి చిన్న ముక్క దక్కుతుంది. ఒక అక్షరం ముక్క ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పట్టికలో దానికి ముందున్న అక్షరాల లెక్కలన్నీ కూడాలి. ఆ అక్షరం పని పూర్తికాగానే దాని లెక్క ఒకటి పెరుగుతుంది, తర్వాతి అక్షరానికి మళ్లీ కూడాలి. ఫైలులో పది లక్షల అక్షరాలుంటే ఈ కూడటం, మార్చటం పది లక్షల సార్లు జరగాలి.

1987లో విట్టెన్, నీల్, క్లియరీ ఈ పద్ధతికి ఒక ప్రోగ్రాం ప్రచురించారు. అందులో వాళ్లు ఎక్కువగా వచ్చే అక్షరాలను పట్టిక మొదట్లో ఉంచి, కూడాల్సిన దూరాన్ని తగ్గించారు. కొన్ని అక్షరాలే పదేపదే వచ్చే ఫైళ్లకు అది బాగానే ఉంటుంది. అన్ని అక్షరాలూ ఇంచుమించు సమానంగా వచ్చే ఫైలులో మాత్రం ఆ ఉపాయం వల్ల లాభం ఉండదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ ఫెన్విక్ 1994లో దీనికి చక్కటి పరిష్కారం రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరు బైనరీ ఇండెక్స్‌డ్ ట్రీ. చాలామంది ఫెన్విక్ ట్రీ అంటారు. ఇదే ఆలోచనను రష్యన్ గణితజ్ఞుడు బోరిస్ ర్యాబ్కో 1989లోనే ప్రచురించాడన్నదీ గుర్తుంచుకోవాలి.

చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. లెక్కలను విడివిడిగా రాసి ఉంచుకుంటే ఒకదాన్ని మార్చటం తేలిక, కానీ మొత్తం కావాలన్నప్పుడల్లా మొదటి నుంచి కూడుకుంటూ రావాలి. ప్రతి వరుసలోనూ అప్పటిదాకా అయిన మొత్తాన్ని రాసి ఉంచితే అది చూడగానే దొరుకుతుంది. కానీ కొట్టు చిట్టాలో అయిదో తారీకు పద్దు దిద్దితే ఆ కింద ఉన్న నిల్వలన్నీ కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చినట్టు, ఒక లెక్క మారితే దాని తర్వాతి మొత్తాలన్నీ మార్చాలి. ఒక పద్ధతిలో అడగటం ఖరీదు, రెండోదానిలో మార్చటం ఖరీదు.

ఫెన్విక్ పట్టికలో ప్రతి గడీ కొన్ని లెక్కల మొత్తాన్ని దాచుకుంటుంది. ఎన్నిటిని దాచాలో ఆ గడి సంఖ్యే చెబుతుంది. సంఖ్యను బైనరీలో, అంటే ఒకట్లు సున్నాలతో రాసి, కుడి చివర కనిపించే ఒకటి విలువ ఎంతో చూడాలి. 12ను 1100 అని రాస్తాం. కుడి నుంచి వస్తే మొదట తగిలే ఒకటి నాలుగు స్థానంలో ఉంది. కాబట్టి 12వ గడి తనతో కలిపి వెనక్కి నాలుగు లెక్కలను, అంటే 9 నుంచి 12 వరకు, మోస్తుంది. 13 అంటే 1101. దాని చివరి ఒకటి విలువ ఒకటే కనుక ఆ గడిలో 13వ లెక్క ఒక్కటే ఉంటుంది. 8 అంటే 1000 కాబట్టి 8వ గడిలో మొదటి ఎనిమిదీ ఉంటాయి. బేసి సంఖ్యల గడులన్నిట్లో ఒక్కొక్క లెక్కే ఉంటుంది. పదహారు లెక్కల పట్టికలో 16వ గడి మొత్తం పట్టికనే మోస్తుంది. అదనపు చోటు అక్కర్లేదు, పదహారు లెక్కలకు పదహారు గడులే.

పై సంఖ్య దాని అర్థమేమిటో చేసి చూస్తే తెలుస్తుంది. పై విలువలోని మొదటి పదహారు అంకెలనే మన లెక్కలుగా తీసుకుందాం: 3, 1, 4, 1, 5, 9, 2, 6, 5, 3, 5, 8, 9, 7, 9, 3. ఇప్పుడు 8వ గడిలో మొదటి ఎనిమిది అంకెల మొత్తం 31 ఉంటుంది. 12వ గడిలో 5, 3, 5, 8 కలిసి 21. 13వ గడిలో 9. 16వ గడిలో అన్నీ కలిపి 80.

మొదటి పదమూడు లెక్కల మొత్తం కావాలనుకుందాం. 13వ గడి దగ్గర మొదలుపెట్టి 9 తీసుకుంటాం. 1101లోని చివరి ఒకటిని చెరిపేస్తే 1100, అంటే 12. అక్కడ 21 తీసుకుంటాం. మళ్లీ చివరి ఒకటిని చెరిపితే 1000, అంటే 8. అక్కడ 31. అది కూడా చెరిపితే సున్నా, ప్రయాణం ముగిసింది. 9, 21, 31 కలిపితే 61. మొదటి పదమూడు అంకెలను చేత్తో కూడినా 61 వస్తుంది. సంఖ్యలో ఎన్ని ఒకట్లుంటే అన్ని గడులే చూడాలి. పది లక్షల లెక్కలున్న పట్టికలోనైనా ఇరవై మెట్లకు మించవు, ఎందుకంటే రెండును ఇరవై సార్లు గుణిస్తే పది లక్షలు దాటిపోతుంది.

మార్చేటప్పుడు దారి ఎదురు దిక్కున నడుస్తుంది. చివరి ఒకటిని తీసేయటానికి బదులు దాని విలువను కలుపుతాం. అయిదో లెక్క రెండు పెరిగిందనుకుందాం. 5వ గడికి రెండు కలపాలి. 5లో చివరి ఒకటి విలువ 1, కలిపితే 6. 6లో చివరి ఒకటి విలువ 2, కలిపితే 8. 8కి 8 కలిపితే 16. ఈ నాలుగు గడులకే రెండు చొప్పున కలిపి వదిలేస్తాం. 8వ గడి 33 అయింది, 16వ గడి 82 అయింది. ఇప్పుడు మళ్లీ మొదటి పదమూడు అడిగితే 9, 21, 33 కలిసి 63. పెరిగిన రెండూ సరిగ్గా ఒక్కసారి లెక్కలోకి వచ్చాయి.

ఆ ఒక్కసారి అన్నదే ఈ నిర్మాణానికి ప్రాణం. 5 నుంచి పైకి వెళ్లిన దారి 5, 6, 8, 16. 13 నుంచి కిందికి వచ్చిన దారి 13, 12, 8. రెండూ కలిసింది 8 దగ్గర మాత్రమే. 7 వరకు మొత్తం అడిగి ఉంటే దారి 7, 6, 4 అయ్యేది, అప్పుడు 6 దగ్గర కలిసేవి. 4 వరకే అడిగితే ఎక్కడా కలవవు, కలవకూడదు కూడా, అయిదో లెక్కతో ఆ మొత్తానికి పని లేదు గనక.

ఇది ప్రతిసారీ ఇలాగే ఎందుకు జరుగుతుందంటే, కిందికి వచ్చే దారిలోని గడులు ఒకదాని పక్కన ఒకటి అతికినట్టు కూర్చుంటాయి. 13ను 8, 4, 1గా విడగొట్టాం. 8వ గడి ఒకటి నుంచి ఎనిమిది, 12వ గడి తొమ్మిది నుంచి పన్నెండు, 13వ గడి పదమూడు. మధ్యలో ఖాళీ లేదు, ఒకదానిపై ఒకటి పడలేదు. కాబట్టి ఏ లెక్క అయినా వాటిలో ఒకే ఒక్క గడిలో ఉంటుంది. పైకి వెళ్లే దారి ఆ లెక్కను మోసే గడులన్నిటినీ తాకుతుంది, ఒక్కటీ వదలదు. 12 నుంచి నేరుగా 16కు దూకుతున్నాం కదా, మధ్యలో 13, 14, 15 వదిలేశామేమో అన్న అనుమానం రావచ్చు. ఆ మూడు గడుల్లో దేనికీ వెనక్కి 12 దాకా అందేంత పొడవు లేదు. 14వ గడి 13 వరకే వెళ్తుంది. 12ను మోయగలిగిన తర్వాతి గడి 16 ఒక్కటే.

చివరి ఒకటిని పట్టుకోవటానికి కంప్యూటర్ బిట్లను వెతుక్కుంటూ కూర్చోదు. రుణ సంఖ్యను అది రాసుకునే తీరులోనే ఆ సదుపాయం ఉంది. 12ను రుణం చేయాలంటే 01100లోని బిట్లన్నీ తారుమారు చేస్తుంది, 10011 వస్తుంది. దానికి ఒకటి కలిపితే 10100. తారుమారు చేసినప్పుడు కుడి వైపు సున్నాలన్నీ ఒకట్లయ్యాయి. ఒకటి కలపగానే అవి మళ్లీ సున్నాలై, హెచ్చు సరిగ్గా చివరి ఒకటి ఉన్న చోటికి వచ్చి ఆగింది. ఎడమ వైపువి మాత్రం తారుమారుగానే ఉండిపోయాయి. 01100, 10100 రెండింట్లోనూ ఒకటిగా ఉన్న బిట్టు ఏదని చూస్తే 00100 మిగులుతుంది, అంటే నాలుగు. ప్రోగ్రాంలో దీన్ని `i & -i` అని రాస్తారు. పైథాన్‌లో మొత్తం పని ఇంతే:

```
def query(i):
    s = 0
    while i > 0:
        s += t[i]
        i -= i & -i
    return s

def update(i, d):
    while i <= n:
        t[i] += d
        i += i & -i
```

ఇంత చిన్న ప్రోగ్రాంలోనూ తప్పులు దొర్లే చోట్లున్నాయి. పట్టికను ఒకటి నుంచే లెక్కపెట్టాలి. సున్నాలో ఒకట్లే లేవు, కాబట్టి `update(0, d)` అని పిలిస్తే సున్నాకు సున్నా కలుపుతూ ప్రోగ్రాం అక్కడే తిరుగుతూ ఉంటుంది. ప్రోగ్రాం ఏ సందేశమూ ఇవ్వకుండా నిలిచిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండోది ఇంకా మోసకారి. `d` అన్నది కొత్త విలువ కాదు, పాత విలువకూ కొత్త విలువకూ తేడా. అయిదో లెక్క 5 నుంచి 7 అయితే పంపాల్సింది 2. పొరపాటున 7 పంపితే ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, 5 దాటిన మొత్తాలన్నీ అయిదేసి ఎక్కువ చూపిస్తుంది, అంతకు ముందువి మాత్రం సరిగ్గానే ఉంటాయి. ఒక స్థానం నుంచి అన్ని జవాబులూ ఒకే అంకెతో తప్పుతున్నాయంటే కారణం ఇదే కావచ్చు.

మధ్యలోని ఒక భాగం మొత్తం కావాలంటే రెండు మొత్తాల తేడా తీయాలి. 9 నుంచి 13 వరకు కావాలంటే 13 వరకు ఉన్న మొత్తంలోంచి 8 వరకు ఉన్నది తీసేయాలి. తీసివేతకు వీలున్న పనులకే ఇది నప్పుతుంది. అన్నిటిలో పెద్దది ఏదన్న ప్రశ్నకు అలాంటి తీసివేత లేదు. పదమూడింటిలో పెద్దది, ఎనిమిదింటిలో పెద్దది తెలిసినా మధ్య అయిదింటిలో పెద్దది తేలదు. అలాంటి ప్రశ్నలకు సెగ్మెంట్ ట్రీ వాడటమే మేలు.

కుదించిన ఫైలును తిరిగి విప్పేవాడికి ప్రశ్న తలకిందులుగా ఎదురవుతుంది. వాడి చేతిలో మొత్తం ఉంటుంది, అది ఏ అక్షరం ముక్కలో పడిందో కనుక్కోవాలి. మార్చక ముందున్న పట్టికలో 40వది ఎక్కడుందో వెతుకుదాం. సున్నా దగ్గర నిలబడి పెద్ద అంగ నుంచి మొదలుపెడతాం. 16 వేస్తే 80 వస్తుంది, అది మనకు కావాల్సిన 40ని మించిపోతుంది, వెయ్యం. 8 వేస్తే 31, అది 40 కన్నా తక్కువ, వేసేస్తాం. ఇంకా 9 మిగిలింది. 8 నుంచి 4 వేస్తే 12వ గడిలో 21 ఉంది, ఎక్కువ. 2 వేస్తే 10వ గడిలో 8 ఉంది, వేస్తాం. ఒకటి మిగిలింది. ఇంకో అడుగు వేస్తే 11వ గడిలో 5 ఉంది, ఆ ఒకటీ అందులోనే ఉంది కాబట్టి ఆగిపోతాం. 10 దగ్గర నిలిచాం, కావాల్సింది దాని తర్వాతిది, 11. మొదటి పదింటి మొత్తం 39, పదకొండింటి మొత్తం 44 అని సరిచూసుకోవచ్చు. బైట్ల పట్టికలో 256 అక్షరాలుంటే ఈ వెతుకులాట తొమ్మిది అంగల్లో అయిపోతుంది. ఆ వెంటనే దొరికిన అక్షరం లెక్కకు ఒకటి కలపాలి, ఫైలును కుదించేటప్పుడు ఏ గడులకు కలిపారో సరిగ్గా ఆ గడులకే. అలా చేస్తేనే తర్వాతి అక్షరానికి ఇద్దరి పట్టికా ఒకటే అవుతుంది.