డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ కనిపించట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

సీసీ కెమెరాలు పెట్టుకున్న చాలామందికి ఎదురయ్యే సమస్య గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. మానిటర్‌లో కెమెరాలన్నీ లైవ్‌గా కనిపిస్తూనే ఉంటాయి. ఏ దొంగతనమో జరిగాక ప్లేబ్యాక్ ఓపెన్ చేస్తే మాత్రం రికార్డింగే ఉండదు. స్టోరేజ్ మెనూలో చూస్తే హార్డ్ డిస్క్ అసలు లిస్టులోనే లేదు. లైవ్ చూపించడానికి డీవీఆర్‌కి డిస్క్‌తో పనిలేదు. అందుకే డిస్క్ ఎప్పుడో ఆగిపోయినా మనకి తెలియదు.

ముందు ఒక జాగ్రత్త. డిస్క్ లిస్టులో ఉండి, పక్కన `Uninitialized` అని ఉంటే ఫార్మాట్ చేయమని డీవీఆర్ అడుగుతుంది. పాత రికార్డింగ్ మీకు అవసరమైతే ఓకే నొక్కకండి, అందులో ఉన్నది పోతుంది.

డిస్క్ అసలు కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది అడాప్టర్‌ని. చిన్న డీవీఆర్‌లు 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, లోపలున్న డిస్క్‌కి కూడా కరెంటు అందులోంచే వెళ్తుంది. డిస్క్ ఆన్ అయ్యి తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ పాతబడితే అంత కరెంటు ఇవ్వలేదు, వోల్టేజ్ పడిపోతుంది. బోర్డు తట్టుకుని లైవ్ చూపిస్తుంది గానీ డిస్క్ మాత్రం లేవదు. డీవీఆర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేస్తూ చెవిపెట్టి వినండి. డిస్క్ తిరిగే శబ్దం మొదలై మళ్లీ ఆగిపోతున్నా, టిక్ టిక్ అంటున్నా అవే వోల్టులు, అంతే లేదా ఇంకాస్త ఎక్కువ ఆంపియర్లు ఉన్న వేరే అడాప్టర్ పెట్టి చూడండి. ఆ తర్వాత కరెంటు తీసేసి సాటా కేబుల్ మార్చండి.

అప్పటికీ రాకపోతే డిస్క్‌ని తీసి కంప్యూటర్‌కి తగిలించండి. విండోస్ `Initialize Disk` అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. డీవీఆర్ ఫార్మాట్ విండోస్‌కి అర్థంకాక అలా అడుగుతుంది, అంతమాత్రాన డిస్క్ పాడైనట్లు కాదు. కంప్యూటర్ బయోస్‌లో కూడా కనిపించకపోతే డిస్క్ పోయినట్లే. కనిపిస్తే CrystalDiskInfo లాంటి సాఫ్ట్‌వేర్‌లో చూడండి. అందులో `Current Pending Sector Count` సున్నా కాకుండా ఉంటే కొన్ని సెక్టార్లు చదవడానికి రావట్లేదని అర్థం. అన్నీ బాగుంటే తప్పు డీవీఆర్ బోర్డులోని పోర్టుదే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలాచోట్ల డీవీఆర్‌లో పెట్టేది పాత కంప్యూటర్‌లోంచి తీసిన మామూలు డెస్క్‌టాప్ డిస్క్. ఒక చిన్న షాపు లెక్క వేద్దాం. నాలుగు కెమెరాలు, ఒక్కోటి సెకనుకి 4 మెగాబిట్లు. మొత్తం 16 మెగాబిట్లు, అంటే సెకనుకి 2 మెగాబైట్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రోజంతా ఆగకుండా రాస్తే దాదాపు 173 జీబీ అవుతుంది. 1 టీబీ డిస్క్ ఆరు రోజుల్లోపే నిండిపోయి, పాతవాటి మీదే మళ్లీ రాస్తుంది. ఏడాదికి 63 టీబీ.

సీగేట్ బర్రాకుడా లాంటి డెస్క్‌టాప్ డిస్క్‌ల డేటాషీట్‌లో ఏడాదికి 55 టీబీ, 2,400 గంటలు అని ఉంటుంది. రోజుకి ఆరేడు గంటలు పనిచేసే కంప్యూటర్ లెక్క అది. డీవీఆర్‌లో అదే డిస్క్ ఏడాదికి 8,760 గంటలు తిరుగుతుంది, అదీ గాలాడని చిన్న డబ్బాలో, వేడి మధ్య. సీగేట్ స్కైహాక్, డబ్ల్యూడీ పర్పుల్ లాంటి సర్వైలెన్స్ డిస్క్‌లు మాత్రం ఏడాదికి 180 టీబీకి, 24 గంటల వాడకానికి తయారైనవి.

ఇంకో తేడా కూడా ఉంది. ఏదైనా సెక్టార్ సరిగా చదవలేకపోతే డెస్క్‌టాప్ డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కొన్ని సెకన్లు అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్‌లో మన ఫైల్ దక్కాలి కదా, అందుకని. డీవీఆర్‌కి అంత ఓపిక లేదు, జవాబు రాకపోతే డిస్క్ లేదనుకుంటుంది. సర్వైలెన్స్ డిస్క్ అయితే ఆ చిన్న ముక్క వదిలేసి ముందుకి వెళ్తుంది. వీడియోలో ఒక ఫ్రేమ్ చెదిరితే నష్టం లేదు గానీ రికార్డింగ్ ఆగకూడదు. రీస్టార్ట్ చేస్తే డిస్క్ కనిపించి, రెండు రోజులకి మళ్లీ మాయమవుతోందా? అడాప్టర్, కేబుల్ మార్చినా అదే వరస అయితే డిస్క్ అరిగిపోతోందని అనుమానించండి. ఫార్మాట్ చేసి నెట్టుకురావద్దు.

అయితే సర్వైలెన్స్ డిస్క్ కొన్నా పాత అడాప్టర్ బలహీనంగా ఉంటే ఇదే సమస్య మళ్లీ వస్తుంది, అందుకే ముందు అడాప్టర్ చూడమన్నది. ఒకటి రెండు కెమెరాలు, మోషన్ ఉన్నప్పుడు మాత్రమే రికార్డ్ అయ్యేలా పెట్టుకుంటే రాసే డేటా బాగా తగ్గుతుంది గానీ, డిస్క్ తిరిగే గంటలు తగ్గవు.

చివరిగా, డీవీఆర్ సెట్టింగ్స్‌లో డిస్క్ ఎర్రర్ వస్తే బీప్ శబ్దం వచ్చే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోండి. వారానికోసారి నిన్నటి రికార్డింగ్ ఒక్క నిమిషం ప్లే చేసి చూడండి. లైవ్ వస్తోంది కదా అని మాత్రం నమ్మకండి.