ఒక్క రూపాయి తగ్గిస్తే ఎంతమంది వస్తారు?

2023 మార్చిలో రిలయన్స్ సంస్థ కాంపా కోలాను మళ్లీ బజారులోకి తెచ్చింది. దేశమంతా అమ్మాలన్నది లక్ష్యమైనా, మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. థమ్స్ అప్‌కు కంచుకోటల్లాంటి ఊళ్లివి. 200 మిల్లీలీటర్ల కాంపా 10 రూపాయలకే వచ్చింది. పేరున్న డ్రింకులకు దాదాపు అంతకు రెట్టింపు పెట్టాల్సి వచ్చేది.

రెండూ నల్లగా, తియ్యగా, గ్యాసుతో ఉండే పానీయాలే. అలాంటప్పుడు ఖరీదైన సీసా ఫ్రిజ్‌లోనే మిగిలిపోవాలి, లేదా దాని ధరా పదికి దిగిరావాలి. ఆ రెండూ జరగలేదు. పాత కంపెనీలు కొన్నిచోట్ల చిన్న సీసాల ధర తగ్గించాయి, చక్కెర లేని రకాలను 10 రూపాయలకు తెచ్చాయి. అసలు సరుకును మాత్రం అంతటా కాంపా ధరకు దించలేదు. ధర తగ్గించే పోటీ ఒకచోట మొదలై మరోచోట ఎందుకు ఆగుతుందో చెప్పే లెక్క ఒకటుంది. అర్థశాస్త్రంలో దానికి నూటనలభై ఏళ్ల చరిత్ర ఉంది.

1883లో జోసెఫ్ బెర్‌ట్రాండ్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఒక పుస్తక సమీక్ష రాస్తూ ఇబ్బందికరమైన మాటొకటి లేవనెత్తాడు. ఇద్దరు వ్యాపారులు అచ్చంగా ఒకే సరుకు అమ్ముతున్నప్పుడు, ఒకడు పైసా తగ్గించినా గిరాకీ అంతా వాడివైపే పోతుంది. రెండోవాడు మరో పైసా తగ్గిస్తాడు. సరుకు తయారీకి అయిన ఖర్చు దగ్గరికి చేరేదాకా ఇది ఆగదు. అమ్మేవాళ్లు ఇద్దరే ఉన్నా లాభం సున్నా. తర్కంలో తప్పులేదు, కానీ బజారు ఇలా నడవడం అరుదు.

ఎందుకు నడవదో 1929లో అమెరికాకు చెందిన హెరాల్డ్ హోటెలింగ్ చెప్పాడు. ధర కొంచెం పెంచినంత మాత్రాన ఏ దుకాణమూ ఒక్కసారిగా ఖాళీ అయిపోదు, కొందరు పోతారు, చాలామంది ఉండిపోతారు అన్నదే ఆయన పట్టుకున్న విషయం. పొడవాటి వీధిలో రెండు కొట్లున్నాయని ఆయన ఊహించాడు. కొనేవాళ్లు ఎవరికి దగ్గరైన కొట్టుకు వాళ్లు వెళ్తారు. ధరలో తేడా నడక శ్రమను మించితేనే అవతలి కొట్టుకు పోతారు. ఈ దూరం అడుగుల్లోనే ఉండక్కర్లేదు, ఆపిల్ రసంలో తీపి పులుపుల తేడా అయినా కావచ్చని ఆయనే రాశాడు. మన కోలాల విషయంలో ఘాటు, అలవాటు, ఏళ్లుగా చూస్తున్న ప్రకటనలు, దుకాణదారుడి ఫ్రిజ్ ఏ కంపెనీ ఇచ్చిందన్నది, ఇవన్నీ కలిసి ఆ దూరమవుతాయి.

దీన్ని అంకెల్లో పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. అంకెలు ఊహించినవే. బస్టాండు దగ్గర ఒక కొట్లో రోజుకు వందమంది కోలా తాగుతారు. రెండు రకాలున్నాయి. ధర సమానమైతే చెరో 50 అమ్ముడవుతాయి. ఒకటి రూపాయి చౌకైతే 5 మంది అటునుంచి ఇటు మారతారు. సీసా తయారీ ఖర్చు రెండు కంపెనీలకూ 10 రూపాయలు.

రెండూ 30 రూపాయలకు అమ్ముతున్నాయనుకుందాం. ఒక్కో కంపెనీకి రోజుకు 1,000 రూపాయల లాభం. ఒకటి 29కి దించితే కొత్తగా వచ్చే 5 మందిమీద తలా 19 చొప్పున 95 వస్తాయి. ఎలాగూ కొనే 50 మంది దగ్గర తలా ఒక రూపాయి, అంటే 50 పోతాయి. నికరంగా 45 మిగులు. కాబట్టి తగ్గిస్తుంది. నిజానికి దానికి అన్నిటికంటే ఎక్కువ గిట్టేది 25 దగ్గర. అప్పుడు 75 సీసాలు పోయి, లాభం 1,125 అవుతుంది. పోటీదారు ఊరుకోడు. 25కి దీటైన జవాబు 22 రూపాయల 50 పైసలు. దానికి మొదటి కంపెనీ జవాబు 21 రూపాయల 25 పైసలు. అడుగు ప్రతిసారీ సగానికి సగం చిన్నదవుతూ పోవడం గమనించాలి. చివరికి ఇద్దరూ 20 దగ్గర నిలబడతారు.

అక్కడ ఇంకో రూపాయి తగ్గిస్తే? కొత్త 5 మంది తలా 9 చొప్పున 45 తెస్తారు. పాత 50 మంది దగ్గర 50 పోతాయి. అయిదు రూపాయలు నష్టం. 21కి పెంచినా లాభం 500 నుంచి 495కే పడుతుంది. పోటీదారుమీద దయతోనో, ఒప్పందంతోనో ఆగడం కాదిది. కొత్తవాళ్లను రాబట్టడానికి పాతవాళ్లకిచ్చే తగ్గింపు మోయలేనంత బరువవుతుంది, అంతే. ఒక్క రూపాయికి 5 మందికి బదులు 50 మంది మారే బజారైతే ఇద్దరూ 11 దాకా జారేవాళ్లు. అదే బెర్‌ట్రాండ్ ఊహించిన లోకానికి దగ్గరి బజారు.

కాంపా సంగతికి వస్తే ఇద్దరి బలం సమానం కాదు. పై కొట్లోనే, ధర ఒకటైనప్పుడు 70 మంది పాత డ్రింకే అడుగుతారనుకుంటే లెక్క మారుతుంది. పాతది సుమారు 21 రూపాయల 30 పైసల దగ్గర, కొత్తది 18 రూపాయల 70 పైసల దగ్గర ఆగుతాయి. అభిమానులు తక్కువున్నవాడికి పోగొట్టుకునేదీ తక్కువే కాబట్టి ధైర్యంగా తగ్గిస్తాడు. పాతవాడు పూర్తిగా వెంట దిగడు. ధరల్లో తేడా శాశ్వతంగా ఉండిపోవడానికి ఇదొక్కటే చాలు.

హోటెలింగ్ లెక్కలో ఒక లోపం యాభై ఏళ్లు పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 1979లో ద’ఆస్ప్రెమాన్, గాబ్జెవిచ్, తిస్ అనే ముగ్గురు దాన్ని బయటపెట్టారు. రెండు కొట్లూ మరీ దగ్గరగా ఉంటే, ఆ కాస్త నడకకు సరిపడా ధర తగ్గించగానే అవతలి కొట్టు వెనకాల ఉన్నవాళ్లు కూడా మొత్తం ఇటే వచ్చేస్తారు. అయిదేసి మందిగా కాదు, ఒకేసారి గుంపుగా. అప్పుడు ధరలు ఎక్కడా కుదురుకోవు. అంటే వేర్వేరు సరుకులైతే చాలదు, వాటిమధ్య తగినంత ఎడమూ ఉండాలి. కొత్త కంపెనీలు అచ్చం పాతదానిలాంటి రుచే తేవడానికి ఎందుకు జంకుతాయో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

మన లెక్కలో మరో లోటుంది. వందమందీ ఎలాగూ కోలా తాగుతారని అనుకున్నాం. 2003లో కోకాకోలా 200 మిల్లీలీటర్ల సీసాను 5 రూపాయలకు దించినప్పుడు గురి పోటీదారు గిరాకీ ఒక్కటే కాదు, సోడా, నిమ్మరసం తాగేవాళ్లను ఇటు తిప్పడం కూడా. అలాంటి కొత్త గిరాకీ ఉన్నంతకాలం కోత మరింత కిందికి పోతుంది.

ఇద్దరు పోటీదారులూ ఒక్కరి చేతికిందికి వస్తే కథ తిరగబడుతుంది. 1993లో పార్లే అధినేత రమేశ్ చౌహాన్ దగ్గర కోకాకోలా థమ్స్ అప్‌ను కొనేసింది. ఆనాటి నుంచి థమ్స్ అప్ ధర తగ్గిస్తే అటు వచ్చేవాళ్లలో కొందరు సొంత కోకాకోలా తాగేవాళ్లే. ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకోవడానికి ఎవరూ రూపాయి వదులుకోరు. కంపెనీల విలీనాలను పరిశీలించే అధికారులు అందుకే ఒకే ప్రశ్న పదేపదే అడుగుతారు: ఈ సరుకు ధర పెరిగితే, వదిలేసినవాళ్లలో ఎంతమంది ఆ రెండో సరుకు దగ్గరికి పోతారు?

కుమ్మక్కును పసిగట్టడానికీ ఇదే దారి. రెండు ధరలు సమానంగా ఉండడం నేరానికి రుజువు కాదు, 20 దగ్గర ఇద్దరూ విడివిడిగానే ఆగారు. అదే కొట్లో ఇద్దరూ నెలల తరబడి 30 దగ్గర కదలకుండా ఉంటే మాత్రం అనుమానించాలి. ఎందుకంటే అక్కడ రూపాయి తగ్గించిన ప్రతివాడికీ రోజుకు 45 రూపాయలు అదనంగా వస్తాయి, అయినా ఎవరూ తగ్గించడం లేదు.