మూడు నెలల సూది వేయించుకున్నాక ముట్టు మారితే



బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కావాలని చాలామంది మూడు నెలల సూది వేయించుకుంటున్నారు. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి దీన్ని 'అంతర' అనే పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. వేళ తప్పకుండా వేయించుకుంటే గర్భం రాకుండా చక్కగా కాపాడుతుంది. అయినా ఒకటి రెండు సూదులతోనే మానేసేవారు ఎక్కువగా ఉన్నారు. ఎందుకమ్మా అంటే చాలామంది చెప్పే మాట ఒక్కటే: "ముట్టు లెక్క తప్పింది." అందుకని ఇక్కడ ఆ ఒక్క సంగతే చెప్పుకుందాం.

ముందు ఒక ఇంటి సంగతి ఉదాహరణగా తీసుకోండి. భార్యకు రెండేళ్ల పాప ఉంది. జనవరి 10న మొదటి సూది వేయించుకుంది. ఫిబ్రవరి రెండో వారంలో ముట్టు వచ్చింది. నాలుగు రోజుల్లో ఆగవలసింది ఆగలేదు. రోజూ గుడ్డమీద కొద్దికొద్దిగా మరక కనబడుతూనే ఉంది. పన్నెండు రోజులైంది. అత్తగారు వంటింట్లోకి రానివ్వలేదు. ఇంట్లో పూజ ఆగిపోయింది. "ఆ సూది నీ ఒంట్లో వేడి చేసింది, ఇక వద్దు" అన్నాడు భర్త. ఏప్రిల్ 10న రెండో సూదికి వెళ్లలేదు. దానికి బదులు మాత్రలుగానీ నిరోధ్‌గానీ వాడలేదు. తరువాత కొన్ని నెలలకు నెల తప్పింది. వాళ్లకప్పుడే బిడ్డ వద్దు.

ఇందులో తప్పు ఆమెది కాదు. మరక కనబడుతుందని సూది వేసే ముందే ఆమెకూ భర్తకూ ఎవరైనా చెప్పి ఉండవలసింది.

ముట్టు ఎందుకు మారుతుంది?

మామూలుగా ప్రతి నెలా గర్భసంచి లోపల, బిడ్డ వస్తే పడుకోవడానికన్నట్టు, మెత్తటి పొర ఒకటి పెరుగుతుంది. గర్భం రాకపోతే ఆ పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. అదే ముట్టు. సూదిలోని మందు అండం విడుదల కాకుండా ఆపుతుంది. దానితోపాటు ఆ పొరను కూడా పెరగనివ్వదు, పలచగా ఉంచుతుంది. పలచని పొరలోని సన్నని రక్తనాళాలు నాజూకుగా ఉండి అక్కడొకచోట, ఇక్కడొకచోట చెమ్మగిల్లుతూ ఉంటాయి. మొదటి మూడు నెలల్లో వేళాపాళా లేకుండా మరకలు కనబడేది అందుకే. కొందరికి ఎనిమిది రోజులు దాటి కూడా అవుతుంది.

ఇలా మూడు నాలుగు సూదులు పడేసరికి ఊడిపోవడానికి పొరే అంతగా ఉండదు. ముట్టు దూరమవుతూ ఆగిపోతుంది. సంవత్సరంపాటు వాడినవారిలో సుమారు సగం మందికి ముట్టు రాదు. "చెడు రక్తం లోపలే నిలిచిపోయి గడ్డ కడుతుందేమో" అని భయపడతారు. పొర పెరగనప్పుడు నిలవడానికి రక్తమేదీ? పొలంలో విత్తు చల్లకపోతే కోతకు పంట ఉండదు కదా, అదీ అంతే. రక్తం పోవడం తగ్గితే నీరసం, రక్తహీనత ఉన్నవారికి మేలే. సూది మానేశాక ముట్టు తిరిగి వస్తుంది. కానీ వెంటనే కాదు. గర్భం నిలవడానికి చివరి సూది తరువాత పది నెలల దాకా పట్టవచ్చు. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవారు ఈ మాట ముందే ఆలోచించుకోవాలి.

చేతిలో పెట్టే కడ్డీ సంగతి

అగ్గిపుల్లంత మెత్తటి కడ్డీని మోచేతికి పైన, చర్మం కింద పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇంప్లాంట్ అంటారు. మూడేళ్లు పనిచేస్తుంది. మన దేశంలో ప్రభుత్వం దీన్ని కొన్ని జిల్లాల్లోనే మొదలుపెట్టింది, కాబట్టి మీ ఆసుపత్రిలో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. దీనితో కూడా ముట్టు మారుతుంది, కానీ ఎలా మారుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. సుమారు ఐదుగురిలో ఒకరికి ఆగిపోతుంది. కొందరికి తరచుగా, కొందరికి ఎక్కువ రోజులు అవుతుంది. సూదికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. కడ్డీ సరిపడకపోతే ఏ రోజైనా తీయించుకోవచ్చు, గర్భం నిలిచే శక్తి త్వరగానే తిరిగి వస్తుంది. వేసిన సూదిని వెనక్కి తీయలేం.

ఆమె మళ్లీ వచ్చి ఉంటే

ఆ పన్నెండో రోజున ఆ భార్యాభర్తలు ఆసుపత్రికి వచ్చారనుకోండి. నర్సమ్మ ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

"రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తున్నావమ్మా?"

"రెండే, నర్సమ్మా. అవి కూడా తడవవు."

"కడుపులో నొప్పి, జ్వరం, దుర్వాసన ఏమైనా ఉన్నాయా? కలిసిన తరువాత రక్తం కనబడుతుందా?"

"లేదండీ."

అలా అయితే ఇది సూది వల్ల వచ్చే మార్పే, హాని కాదు. ఆ మాట భర్తకు, వీలైతే అత్తగారికి కూడా నర్సమ్మ చెప్పాలి. ఓర్చుకోలేకపోతే డాక్టరు మందు ఇస్తారు. సాధారణంగా మెఫనమిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, భోజనం చేశాక, 5 రోజులు. కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మందుతో కొన్నాళ్లు తగ్గి మళ్లీ రావచ్చు. అలా వస్తే మందు పనిచేయలేదనుకోకండి, ఇంకా సర్దుకోవలసిన కాలమే అది.

రక్తం మామూలు ముట్టు కంటే రెట్టింపు పోతే, లేదా ఎనిమిది రోజులు దాటి బాగా పోతే ఇంట్లో కూర్చోకండి. గుడ్డ గంటకొకటి తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆ రోజే రండి. డాక్టరు గర్భం, గర్భసంచి గడ్డలు, ముఖద్వారం జబ్బు లేవని చూస్తారు. రక్తం తగ్గిపోయిందేమో పరీక్షించి ఇనుము మాత్రలు ఇస్తారు. అలాగే సూది వేయించుకోక ముందునుంచే కారణం తెలియకుండా రక్తం పోతున్నవారు ఆ సంగతి దాచకూడదు. ముందు కారణం తెలియాలి, తరువాతే సూది.

సూది వద్దనిపిస్తే మానేయండి, మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. మానేసే ముందు మాత్రం వచ్చి వేరే పద్ధతి తీసుకుని వెళ్లండి. ఆ ఇంట్లో జరగనిది ఇదే. కొనసాగించేవారికి తేదీ లెక్క ముఖ్యం. ఏప్రిల్ 10న రావలసినవారు రెండు వారాలు ముందు, అంటే మార్చి 27 నుంచి, నాలుగు వారాలు ఆలస్యంగా, అంటే మే 8 వరకు వేయించుకోవచ్చు. అది కూడా దాటితే నిరోధ్ వాడుతూ రండి, గర్భం లేదని చూసి వేస్తారు. సూది వేసిన చోట రుద్దకండి, కాపడం పెట్టకండి.

ఇంట్లో పంచాంగం పక్కన ఒక కాగితం అంటించుకోండి. మరక కనబడిన ప్రతి రోజు దానిమీద ఒక చుక్క, మామూలు ముట్టులాగా పోయిన రోజున రెండు చుక్కలు పెట్టండి. నర్సమ్మకు కార్డుతోపాటు ఆ కాగితం కూడా చూపించండి.