సౌర వేడినీటి ట్యాంకులో విద్యుత్ హీటర్ ఎక్కడ ఉండాలి?

ఢిల్లీ కరోల్ బాగ్‌లో 40 మంది విద్యార్థులున్న వసతి గృహాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తలకు 25 లీటర్ల చొప్పున 40 డిగ్రీల స్నానపు నీరు 1000 లీటర్లు కావాలి. జనవరిలో 15 డిగ్రీల చన్నీటితో కలుపుకొంటే, 60 డిగ్రీల వేడినీరు 560 లీటర్లు చాలు. అందుకు 600 లీటర్ల ట్యాంకు, సుమారు 12 చదరపు మీటర్ల సౌర ఫలకాలు అవసరం.

ట్యాంకులో వేడినీరు పైకి చేరుతుంది, చన్నీరు అడుగున నిలుస్తుంది. విద్యుత్ హీటరును అడుగున బిగిస్తే, స్నానాల తరువాత చేరిన చన్నీటిని ఎండకంటే ముందే కరెంటు కాచేస్తుంది. ఎండ ఎక్కకముందే ఫలకాలకు వెళ్లే గొట్టం వేడిగా తగిలితే జరుగుతున్నది అదే. పై మూడో వంతులో బిగిస్తే అడుగు నీరు ఎండకు మిగులుతుంది. అయితే పొగమంచు రోజున ఆ 200 లీటర్లు 14 మందికే సరిపోతాయి. 3 కిలోవాట్ల హీటరుతో తరువాతి విడతకు మూడున్నర గంటలు ఆగవలసిందే.